ముప్పై అబద్ధాలూ ఒక ఎర్రటోపీ

మా ఆయన సత్యారావు బిల్డింగ్ పని మీద మా దీవుల చివరనున్న క్యాంప్‌బెల్ బే వెళ్తున్నాడు. షిప్పు మంగళవారం, తిరిగి రావడం నెల తర్వాత. మా అత్త కాశమ్మకి కొడుకు తిండి గురించి బెంగ. నా బెంగ వేరు. నా షార్ట్స్ వీడియోల్లో హీరో ఆయనే. పోయినసారి ఆయన ఊళ్ళో లేని పదిహేను రోజులూ నేను వీడియో పెట్టలేదు. దాంతో వేలల్లో ఉన్న వ్యూస్ వందల్లోకొచ్చాయి, మళ్ళీ పైకి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అందుకే ఈసారి ఆదివారం ఒక్క సిట్టింగులో ముప్పై స్క్రిప్టులు రాసెయ్యాలనీ, సోమవారం ముప్పై షూట్ చేసెయ్యాలనీ పెట్టుకున్నాను. రోజుకొకటి షెడ్యూల్ చేసి పెడితే మొగుడు లేకపోయినా ఛానల్ నడుస్తుంది. అన్నిటికీ ఒకటే థీమ్, 'మా ఆయన అబద్ధాలు'. ఆయన ఒక అబద్ధం చెప్తాడు, అది బయటపడుతుంది, నేను చివర్లో కెమెరావైపు తిరిగి "నమ్మాను" అంటాను. జనం ఆ ఒక్క మాట కోసం చివరిదాకా చూడాలి.

ఆ జనంలో నాకు కావలసిన మనిషి ఒక్కతే, భీమిలిలో ఉన్న మా చెల్లి సాయిలక్ష్మి. నా వీడియోలన్నీ చూస్తుందని అమ్మ చెప్తుంది. లైక్ మాత్రం కొట్టదు, ఫోన్ చేస్తే ఎత్తదు. మూడేళ్ళ క్రితం దాని పెళ్ళికి నేను వెళ్ళలేదు. ఈ దీవుల నుంచి అటు నెలకో షిప్పు, విమానం ధర చూస్తే కళ్ళు తిరిగాయి. టికెట్ల లైన్లో మా ఆయన నాలుగ్గంటలు నిలబడితే, ముందున్న ఎర్రటోపీవాడు చివరి రెండు టికెట్లూ పట్టుకుపోయాడట. నేను ఆ మాటే చెల్లికి చెప్పాను. "టోపీ కథలు నాకు చెప్పకే, రావాలని లేదు అను" అని ఫోన్ పెట్టేసింది. అది తాళి కట్టించుకుంటున్న ముహూర్తానికి నేను మా ఆయన స్లాబు కూలీలకి పప్పు తాలింపు పెడుతూ ఫోన్లో చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే నెట్‌వర్క్ పోయింది. ఈనాటికీ బజార్లో ఎర్రటోపీ కనిపిస్తే వెళ్ళి పీకి పారేద్దామన్నంత ఒళ్ళుమంట నాకు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదికి ప్రోతరాపూర్‌లోని మా ఇంటి వరండాలో చాప పరిచాను. అత్త పక్కనే రొయ్యలు వొలుస్తోంది. నా పద్ధతి నాకుంది. ఏదీ పూర్తిగా రాయకూడదు. ముందు ఒకటి నుంచి ముప్పై దాకా నంబర్లేసి, ఒక్కోదానికి ఒక్కో అబద్ధం. తర్వాత అన్నిటికీ మొదటి వాక్యాలు, రెండు సెకన్లలో స్క్రోల్ చేసే వేలు ఆగిపోయేలా. ఆ తర్వాతే నడుమ మాటలు. పైకి చదువుతూ టైమర్ పెట్టుకుంటే నలభై సెకన్లకి డెబ్బై మాటలు పడతాయి, డెబ్బై ఒకటో మాట కొట్టెయ్యాల్సిందే. నడుమలో దిద్దుతూ కూర్చుంటే సాయంత్రానికి నాలుగు కూడా తెమలవు. చివర్లో వంటింటివి, వరండావి, బస్టాపువి వేరువేరుగా గుర్తు పెట్టుకుని, ఏ చొక్కా ఏ నంబరుకో రాసుకోవాలి. వరసగా రెండు రోజులు ఒకే చొక్కా కనిపిస్తే కామెంట్లలో అడిగేస్తారు.

ఆయనది ఇక్కడి పుట్టుక, హిందీ చదువు. తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవమంటే చెమటలు పడతాయి. అందుకని ఆయన మాటలు హిందీ అక్షరాల్లో, నా మాటలు తెలుగులో రాస్తాను. అబద్ధం ఒకటే, లిపులు రెండు.

మొదటి పన్నెండూ పరుగెత్తాయి. 'ఐదు నిమిషాల్లో వస్తా.' 'ఫోన్ సైలెంట్‌లో ఉంది.' 'ఉప్పు సరిపోయింది.' పద్దెనిమిదికి నడక పడింది. ఇరవై మూడు దగ్గర పెన్ను ఆగిపోయింది.

"చెప్పండి, ఇంకా ఏడు కావాలి."

"అరె యార్, ఇన్ని ఝూట్‌లు నేనెప్పుడు చెప్పాను గౌతమీ?"

"మీ నాన్న ఇంకా చెప్పేవోడు. అడగడానికి మనిషి లేడు గానీ" అంది అత్త.

ఆయన గోడకి చేరబడి ఆలోచించాడు. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది.

"టికెట్ దొరకలేదు! రాసుకో. ఇక్కడ ప్రతి మొగుడూ చెప్తాడు, సబ్ కనెక్ట్ అవుతారు."

"బాగుంది. ఎలా చెప్తారు?" అంటూ ఇరవై నాలుగు దగ్గర రాసుకున్నాను.

"ఊరికే దొరకలేదంటే ఎవరు నమ్ముతారు? అబద్ధానికి ఒక టోపీ పెట్టాలి. నాలుగ్గంటలు లైన్లో నిలబడ్డాను, నా ముందు ఎర్రటోపీవాడు లాస్ట్ రెండూ తీసుకుపోయాడు, అనాలి. ఎర్రటోపీ అనగానే మనిషి కళ్ళకి కట్టేస్తాడు, బస్, ఖతం."

నా చెయ్యి 'ఎర్రటోపీ' అని రాసేసింది. రాశాకే చదువుకున్నాను.

ఎంత మురిసిపోతూ చెప్పాడో! ఆ అబద్ధం ఎవరికి చెప్పాడో మర్చిపోయాడు మహానుభావుడు. అత్త చేతిలో రొయ్య జారి పళ్ళెంలో పడింది.

"ఒరే, ఆ టోపీ మాట మళ్ళీ ఎందుకెత్తినావురా!"

'మళ్ళీ' అంది. అంటే ఆవిడకీ తెలుసు. ఈ ఇంట్లో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

"లైన్లో అసలు నిలబడ్డారా?" అని అడిగాను.

ఆయన అత్తవైపు చూశాడు, గోడవైపు చూశాడు. "ఆ వారమే కదా హోప్ టౌన్‌లో స్లాబు. ఇరవైమంది కూలీలు. నువ్వెళ్ళిపోతే ఖానా ఎవరు వండుతారు? సాల్ తర్వాత చెబుదామనుకున్నాను..."

"ఒక్క సాల్ కాదు, మూడేళ్ళయింది."

"కంటెంట్ అడిగావు కదా, దిల్ సే ఇచ్చాను. ఇప్పుడు గుస్సా అయితే ఎలా?"

ఏడుపొచ్చింది. ఆనాటి పప్పు తాలింపు పొగ మళ్ళీ కళ్ళలోకి పోయినట్టయింది. లేని మనిషిని మూడేళ్ళు తిట్టుకున్నాను. ఉన్న చెల్లి చెప్పిన నిజాన్ని తప్పు పట్టాను. అది టోపీ కథ అంది, నిజంగా టోపీ కథే.

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ సిట్టింగ్ మధ్యలో లేవకూడదన్నది నా రూలు. మిగతా ఆరూ ఆయన్ని అడక్కుండా పది నిమిషాల్లో రాసేశాను. కోపం వస్తే ఇంత స్పీడు వస్తుందని ముందే తెలిస్తే పొద్దున్నే తెచ్చుకుని ఉండేదాన్ని. మొదటి వాక్యాలు, నడుమ మాటలు, చొక్కాలు, అన్నీ మూడింటికల్లా అయిపోయాయి. ఇరవై తొమ్మిదింటికి చివర 'నమ్మాను' అని రాశాను. ఇరవై నాలుగుకి మాత్రం ఖాళీ వదిలాను.

సోమవారం అన్ని నంబర్లూ షూట్ చేశాం. నేను నంబరూ, చొక్కా రంగూ మాత్రమే చెప్పాను. ఆయన భయంభయంగా చొక్కాలు మారుస్తూ, చెప్పినచోట నిలబడ్డాడు. ఇంత క్రమశిక్షణ గల నటుణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఇరవై నాలుగో నంబరుకి పక్కింటి శ్రీను దగ్గర ఎర్రటోపీ అడిగి తెచ్చి ఆయన నెత్తినే పెట్టాను. ఆయన తన మాటలు చెప్పాడు. నేను కెమెరావైపు తిరిగాను.

"నేను నమ్మాను. మా చెల్లి నమ్మలేదు. దాని పెళ్ళికి నేను వెళ్ళలేదు" అన్నాను.

టైమర్ చూస్తే ముప్పై తొమ్మిది సెకన్లు. ఒక్క టేకులో ఓకే.

"యాక్టింగ్ ఏక్ నంబర్" అన్నాడాయన, టోపీ తీసేస్తూ, నా కళ్ళలోకి చూడకుండా.

మంగళవారం షిప్పు కదిలాక ఇంటికొచ్చి షెడ్యూల్ మార్చాను. ఇరవై నాలుగుని మొదటి రోజుకి తెచ్చి అప్పటికప్పుడు పెట్టేశాను. సాయంత్రానికి వ్యూస్ వేలు దాటాయి. 'అక్కా, మా ఆయనా సేమ్' అని ఒకావిడ. 'ఎర్రటోపీ పార్ట్ టూ ఎప్పుడు' అని ఇంకొకతను. అన్నిటి కిందా పగలబడి నవ్వే బొమ్మలే. నా జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజానికి జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

అందరి కిందా ఒక కొత్త కామెంట్ వచ్చింది. మూడేళ్ళలో ఆ పేరు నా ఛానల్లో కనిపించడం అదే మొదలు. నవ్వు బొమ్మ లేదు.

'ఇప్పుడు నమ్మాను అక్కా' అని ఉంది.

అత్తని రొయ్యల కూర చూసుకోమని చెప్పి, ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. ఒక్క రింగుకే ఎత్తింది.