కుండకు చెమట పట్టాలి

కూర్మయ్య కుండను కొడుతున్నాడు. ఒడిలో వాల్చుకుని, లోపల ఎడమచేత్తో గుండ్రటి రాయి ఆనించి, బయట కుడిచేత్తో చెక్క తీసుకుని కొడుతున్నాడు. కుమ్మరి సారె మీదనుంచి దిగినప్పుడు కుండకు మెడ ఉంటుంది, మందపాటి పొట్ట ఉంటుంది, అడుగు ఉండదు. నీడలో కాస్త ఆరనిచ్చి ఇలా కొట్టుకుంటూ పోతే పొట్ట సాగి పలచబడుతుంది, అడుగు మూసుకుంటుంది. నీళ్ళ కుండకు గోడ పలచగా ఉండాలి. మరీ పలచబడితే చిరుగుతుంది. ఎక్కడ ఆపాలో చెయ్యే చెప్పాలి.

ఆ పొద్దున చెయ్యి చెప్పలేదు. చెక్క ధన్‌మని పడి పచ్చి కుండ చిరిగిపోయింది.

"కుండేటి సేసిందయ్యా నిన్ను?" అంది పెళ్ళాం మరిడమ్మ పొయ్యి దగ్గరనుంచి. "గంగులు మీద కోపం గంగులు మీద సూపించు. మట్టిని సంపకు."

"నోర్ముయ్యెస్."

"నాను మూస్తాను. ఊరు మూస్తాదేటి?"

గంగులు ఉప్పుమళ్ళలో పనిచేస్తాడు. ముందురోజు నౌపడ సంతలో కూర్మయ్య కుండలు అమ్ముతుండగా, జనం నిండుగా ఉన్నప్పుడు, నవ్వుతూ అన్నాడు: "బస్సులు ఆగే కాడ చలివేంద్రంలో నీ కుండలే కదేటి మావా? నీళ్ళు పొయ్యి మీంచి దింపినట్టున్నాయి. నీ సెయ్యి సచ్చిపోనాది." జనం నవ్వారు. కుండను చేతిలోకి తీసుకుని వేలితో మోగించి చూస్తున్న ఒక ఆడమనిషి దాన్ని కింద పెట్టేసి వెళ్ళిపోయింది. తరవాత ఎవరూ రాలేదు.

వంటకు కుండలు కొనడం మానేసి చాలాకాలమైంది. పెళ్ళికి, చావుకి తప్ప కుమ్మరి గుమ్మం ఎవరికీ గుర్తురాదు. ఎండాకాలంలో నీళ్ళ కుండ ఒక్కటే మిగిలింది. దానికోసమే కూర్మయ్య ఈ వయసులో చెరువులో దిగి మట్టి తవ్వుతాడు, మోస్తాడు, కాళ్ళతో తొక్కుతాడు. జల్లించిన ఊక, సన్న ఇసుక అందులో కలుపుతాడు. కుండలు కాల్చే ఆవంలో ఊక కాలిపోతుంది. అది ఉన్నచోట కంటికి ఆనని సందు మిగులుతుంది. మంట తక్కువైతే కుండ నీళ్ళకు మెత్తబడిపోతుంది. ఎక్కువైతే మట్టి బిగిసి సందులు మూసుకుపోతాయి. పొగ రంగు చూసి, కమురు వాసన చూసి, రెప్ప వాల్చకుండా కాపలా కాసి తీస్తాడు. అలాంటివాడి చెయ్యి చచ్చిందట!

చిరిగిన కుండను ముద్ద చేసి మట్టిలోకి విసిరాడు. తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు.

"గంజి తాగి ఎల్లు," అంది మరిడమ్మ.

"ఆ ఎదవ మాట ఎనక్కి తీసుకున్నాక తాగుతాను."

బస్సులు ఆగే చోట, చలివేంద్రం పందిరి కింద తన కుండలను తనే గుర్తుపట్టలేకపోయాడు. నీలం ఆయిల్ పెయింటు తళతళలాడుతోంది. ఒక్కో పొట్ట మీద తెల్లటి అక్షరాలు. కూర్మయ్యకు చదువు రాదు. అరచెయ్యి ఆనించాడు. ఎండలో పెట్టిన రేకులా ఉంది. ఎక్కడా తడి లేదు. కింద ఇసుక పొడిగా, బూడిదలా ఉంది.

గబగబా రోడ్డు దాటాడు.

ఎదురుగా కిరాణాకొట్టు గణపతిరావుది. చలివేంద్రం కూడా అతనిదే, తండ్రి పేరు మీద పెట్టాడు.

"ఎవుడు పూసేడు బాబూ ఈ రంగు?"

"నేనే పూయించాను. నీ కుండలు కారిపోతున్నాయి కూర్మయ్యా. సున్నంతో నాన్నగారి పేరు రాయిస్తే రెండోరోజుకే చెరిగిపోయింది. ఇప్పుడు చుక్క కారడంలేదు, చూడు."

"కారడం కాదు బాబూ! సెమట. లోపలి నీరు గోడలోంచి ఊరి పైకొస్తాది. గాలి దాన్ని తాగేస్తాది. తాగినప్పుడు కుండలో ఏడిని కూడా లాక్కుపోతాది. అందుకే మిగిలిన నీరు సల్లబడతాది. నువ్వు దాని ఒళ్ళంతా మూసేసేవు. ఇంకెక్కడ సల్లబడతాది?"

"ఐసుగడ్డ వేయిస్తాలే."

"ఐసుకి నా కుండెందుకు? డ్రమ్ము పెట్టుకో. నాను ఇయి ఒట్టుకుపోతాను. ఆవంలో మల్లీ కాలిస్తే రంగు మాడిపోతాది, సందులు తెరుసుకుంటాయి."

గణపతిరావు మొహం మారింది. "మా నాన్న పేరుని నిప్పుల్లో పెడతావా? ఒకసారి పెట్టాం, చాలదా?"

కూర్మయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. తండ్రికి తలకొరివి పెట్టినవాడే అతనూ. అయినా కోపం ఇంకా పెరిగింది. సంతలో పోయింది తన పేరు. దాన్ని ఎవరూ కాల్చక్కర్లేదు, అప్పుడే కాలిపోయింది.

మిట్టమధ్యాహ్నం ఇంటికి నడిచాడు. తాము తాగే కుండలో నీళ్ళు బిందెలో వంపేసి, తడి కుండను భుజానికెత్తాడు.

"అదెక్కడికి? కొత్తది తీసుకెల్లు."

"కొత్తది నానాల. ఇది నాని ఉన్నాది."

"ఎండ సూడు. సచ్చిపోతావు."

"సెయ్యి ఎలాగూ సచ్చిందట. మిగిలిందేటి!"

పందిరి పక్కన వేపచెట్టు కింద ఇసుక పోగుచేసి, తడిపి, కుండను దాని మీద కూర్చోబెట్టాడు. గాలి చుట్టూ తిరగాలని ఏ గోడకీ ఆనించలేదు. చలివేంద్రం కుండలు నింపే డ్రమ్ములోంచే నీళ్ళు ముంచి పోశాడు. ఆ నీళ్ళు చేతికి కాలుతున్నాయి. మూత పెట్టి, చెట్టుకు జారబడ్డాడు.

పడమటి గాలి కొడుతోంది. పొడిగాలి, మొహం మాడ్చే గాలి. మనుషులు దాన్ని తిట్టుకుంటారు. కుండకు అదే కావాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపునుంచి గాలి తిరిగితే పని చెడుతుంది. ఆ గాలిలో అప్పటికే తడి ఉంటుంది, కుండ చెమటను అది తాగదు. చెమట పైనే నిలిచిపోతుంది, నీళ్ళు అంతగా చల్లబడవు. కూర్మయ్య వేపాకుల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆకులు తూర్పుకే ఊగుతున్నాయి.

కొంతసేపటికి కుండ పొట్ట రంగు ముదిరింది. తరవాత నిగనిగలాడింది. అరచెయ్యి ఆనించి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. దుకాణంలోనుంచి గణపతిరావు కేకేశాడు: "కాస్త నీళ్ళు తాగవయ్యా కూర్మయ్యా!"

"ముందు ఆ గంగులు తాగాల."

పొద్దు వాలుతుండగా ఉప్పుమళ్ళ నుంచి జనం వచ్చారు. కాళ్ళకు తెల్లగా ఉప్పు ఎండిపోయి ఉంది. కూర్మయ్య లేవలేదు, వేలు చూపించాడు.

"ఒరే గంగులూ. ముందు ఆ నీలం దాంట్లో తాగు. తరవాత దీంట్లో తాగు. ఒకే డ్రమ్ము నీరు."

గంగులు నీలం కుండలో ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. చెట్టు కింద కుండలో లోటా ముంచాడు. ఒక గుక్క తాగి ఆగాడు. కళ్ళు మూసుకుని లోటా అంతా తాగాడు. మళ్ళీ ముంచాడు. వెనకవాళ్ళు తోసుకుంటూ వచ్చారు.

"ఓలమ్మ, పళ్ళు జిల్లుమన్నాయి!" అంది ఒకామె.

"ఎవుడి సెయ్యిరా సచ్చింది?" అన్నాడు కూర్మయ్య. గొంతు చాలా సన్నగా వచ్చింది.

"తప్పయిపోనాది మావా. వచ్చే సంతలో అందరి ముందరా నానే సెప్తాను, సరేనా?" గంగులు లోటా నింపి తెచ్చాడు. "ఇంద, నువ్వూ తాగు. మావా! కోపం సాల్లే, తాగు."

కూర్మయ్య అందుకోలేదు. ఇంకా కోపంగానే ఉన్నాడనుకుని గంగులు లోటాను అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

మరిడమ్మ వచ్చేటప్పటికి ఆయన్ని చెట్టు కింద పడుకోబెట్టి మొహం మీదికి తువ్వాలు కప్పారు. ఆమె ఏడవలేదు. "ఎండన్నాను. గంజన్నాను. ఇన్నాడేటి, ఏనాడైనా!" అని తిట్టింది. తిడుతూనే పక్కన కూర్చుని, ఆయన గోళ్ళలో ఎండిన మట్టిని తన గోటితో తీసింది.

గణపతిరావు కొట్టు మూసి వచ్చాడు. తలవంచుకుని మెల్లగా అన్నాడు: "మరిడమ్మా, ఈ కుండని ఇక్కడే ఉంచుదాం. రేపు పెయింటర్ని పిలిపిస్తాను. దీని మీద కూర్మయ్య పేరు రాయిస్తాను."

మరిడమ్మ తలెత్తింది.

"ఇంకా తెలవనేదా బాబూ నీకు? రంగు డబ్బా ఒట్టుకుని ఎవుడైనా దీని దగ్గరకొస్తే సెయ్యి ఇరిసేస్తాను. పేరొద్దు, ఏటొద్దు. దాన్ని సెమట పట్టనీండి."

గంగులు, ఇంకొందరు కలిసి కూర్మయ్యను ఎత్తుకున్నారు. మరిడమ్మ వాళ్ళ వెనక నడిచింది.

చెట్టు కింద కుండ పొట్ట మీదినుంచి ఒక చుక్క జారి, ఇసుకలో ఇంకింది.