ముప్పై తొమ్మిది రూపాయలు

తండ్రితో కలిసి నంద్యాలలో పెద్దనాయన ఓబులేసు సిమెంటు అంగడి మెట్లు ఎక్కుతున్నప్పుడే సంధ్యకు గల్లాపెట్టె మీద వంద రూపాయల స్టాంపు పేపరు కనబడింది. పేపరు పక్కన పెన్ను, పెన్ను పక్కన రెండు టీ గ్లాసులు. ముగ్గురు కూర్చుంటారని తెలిసి కూడా రెండే చెప్పించాడు పెద్దనాయన.

"రా నరసిమ్మా, కూర్చో. ఏం పాపా, ఆఫీసుకు సెలవు పెట్టినావా?" అన్నాడు ఓబులేసు.

"పెట్టినా పెద్దనాయనా."

సంధ్య తమ ఇంట్లో డిగ్రీ కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. బీకాం చదివి, రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చి నంద్యాలలో ఒక ట్యాక్సు కన్సల్టెంటు దగ్గర లెక్కలు రాస్తుంది. ఆమె తండ్రి నరసింహులు ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. కుర్చీలో కూర్చునే లోపలే ఆయనకు రెండుసార్లు దగ్గు తెర వచ్చింది. ముప్పై ఏళ్ల రాతి దుమ్ము అది. ఇంకా ఆ దుమ్ములోనే పని చేస్తే ఊపిరితిత్తులు మిగలవని, షెడ్డులో దుమ్ము లాగే మిషను పెట్టించుకొమ్మని డాక్టరు చెప్పి ఏడాదయింది. మిషను కంతుల మీద వస్తుంది. ఇంటి లోనులో తన వంతు కాస్త తగ్గగానే కొంటానని నరసింహులు రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆ లోను కథ పన్నెండేళ్ల నాటిది. ఆళ్లగడ్డలో అన్నదమ్ములిద్దరూ కలిసి రెండు వాటాల ఇల్లు కట్టారు. నంద్యాల బ్యాంకులో ఇద్దరి పేరా పదిహేను లక్షలు, తొమ్మిది శాతం, మారని వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకు కంతు పదమూడు వేల నాలుగు వందల తొంభై ఆరు. ఆ రోజు ఓబులేసు నలుగురిలో ఛాతీ విరుచుకుని అన్నాడు: "పెద్దోన్ని, అసలు నేను మోస్తా. తమ్ముడు వట్టి వడ్డీ చూసుకుంటే చాలు." ఊళ్లో చేబదులు అప్పులే ఎరిగిన మనుషులు. అసలంటే కొండ, వడ్డీ అంటే గులకరాయి అనుకున్నారు. నరసింహులు అన్న కాళ్లకు దండం పెట్టాడు.

మొదటి నెల కాగితం వచ్చాక తెలిసింది కొండ ఎవరి నెత్తిన ఉందో. బాకీ మొత్తం మీద ఆ నెల వడ్డీ ముందు కోసుకుని, మిగిలింది మాత్రమే అసలులో జమ వేసుకుంటుంది బ్యాంకు. నరసింహులు వంతు పదకొండు వేల రెండు వందల యాభై. ఓబులేసు వంతు రెండు వేల రెండు వందల నలభై ఆరు. "రానురాను నీది తగ్గుతాది, నాది పెరుగుతాదిలే" అన్నాడు ఓబులేసు. అది నిజమే. ఆ నిజాన్నే నమ్ముకుని నరసింహులు పన్నెండేళ్లు అడ్వాన్సు తీసుకున్న ప్రతి విగ్రహాన్నీ దగ్గుతూనే చెక్కాడు. ఓబులేసు తన వాటా అద్దెకిచ్చి, ఆ అద్దెలోనే తన వంతు కట్టి, ఇంకా మిగుల్చుకున్నాడు.

"ఈ నెల కాగితం చూసినావా?" ఓబులేసు ఫోను తమ్ముడి ముందుకు తోశాడు. "అసలు ఆరువేల ఏడు వందల ఎనభై ఏడు. వడ్డీ ఆరువేల ఏడు వందల తొమ్మిది. నాదే ఎక్కువైంది. ఒకే కడుపున పుట్టినోళ్లం, ఇంగ వడ్డీ, అసలు అని ఏందిరా ఈ చిల్లర లెక్క? ఈ నెల నుంచి సగం సగం. ఆరువేల ఏడు వందల నలభై ఎనిమిది. సంతకం పెట్టు."

నరసింహులు వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. ముఖం విప్పారింది. "ముప్పై తొమ్మిది రూపాయలే కదా పాపా, ఎక్కువయ్యేది. అన్న అడుగుతాండాడు" అని పెన్ను తీశాడు.

సంధ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. తండ్రి చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"ముప్పై తొమ్మిది రూపాయలకు స్టాంపు పేపరు కొన్నారా పెద్దనాయనా? పేపరే నూరు రూపాయలు గదా."

"పెద్దోళ్లు మాట్లాడుతాంటే నీకేంది మధ్యలో?"

"మీరు ఈ నెల కాగితమే చూపిచ్చినారు. నేను అన్ని నెలలదీ తెచ్చినా." బ్యాగులోంచి బ్యాంకు ఇచ్చిన కంతుల పట్టిక తీసి తండ్రి ఒళ్లో పరిచింది. "చూడు నాయనా. నువ్వు కట్టేది ఏ నెలకా నెల తగ్గుతాది. ఇంగా తొంభై రెండు కంతులుండాయి. ఆఖరి నెల, ఇదిగో, నీది నూరు రూపాయలు. పెద్దనాయనది పదమూడు వేల మూడు వందల తొంభై ఆరు. ఇప్పుడు సగం సగం అని రాసిస్తే, ఆ ఆఖరి నెల కూడా నువ్వు ఆరువేల ఏడు వందల నలభై ఎనిమిది కట్టల్ల. అన్నీ కూడితే నీకు రెండు లక్షల డెబ్బై మూడు వేలు ఎక్కువ. ముప్పై తొమ్మిది కాదు."

నరసింహులు కాగితం మీద వేలు పెట్టి, పై వరస నుంచి కింది వరస దాకా మెల్లగా జరిపాడు. పన్నెండేళ్లలో ఆ పట్టిక ఆయన చూడడం అదే మొదటిసారి.

"తెలిసే అడిగినావా అన్నా?"

"తెలిస్తే ఏంది? అసలు కట్టినోడిదే ఇల్లు. నువ్వు కట్టిన వడ్డీ బ్యాంకోడు తినిపోయినాడు. దాంట్లో గోడకు ఒక్క ఇటుకైనా ఉందా?"

ఆ మాటకు సంధ్య కళ్లు మసకబారాయి. ఏడుపు కాదు, కోపం. "ఆ వడ్డీ కట్టకుంటే మీ అసలు ఒక్క రూపాయి జమయ్యేదా?" అని స్టాంపు పేపరు వెనక్కి తిప్పి దాని మీదే రాసింది. ఇంతవరకు కట్టింది పంతొమ్మిది లక్షల తొంభై ఏడు వేలు. అందులో తన తండ్రి కట్టింది పదమూడు లక్షల తొంభై రెండు వేలు. పెద్దనాయనది ఆరు లక్షల ఐదు వేలు. "సగం సగమంటే మాకూ ఇష్టమే. కాకపోతే మొదటి కంతు నుంచి. ముందు మూడు లక్షల తొంభై మూడు వేలు నాయన చేతిలో పెట్టండి, సంతకం పెట్టిస్తా."

"నా అంగట్లో కూర్చొని నాకే లెక్క చెప్తాండావా? చదివిచ్చింది దీనికేనారా నరసిమ్మా? పో, నేను కట్టను. బ్యాంకోడు వచ్చి ఇంటికి తాళమేసుకోనీ."

"కట్టొద్దులే. లోను ఇద్దరి పేరుతో ఉంది. అంగడి మీద మీరు తీసుకున్న అప్పు కూడా ఆ బ్యాంకులోనే ఉంది. ఈడ ఎగ్గొడితే ఆడ ఊరుకుంటారేమో అడిగి రాండి."

నరసింహులు ఫోను తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అంకె నొక్కాడు. ఆరు వేల ఏడు వందల తొమ్మిది. కంతు కట్టుకునే ఉమ్మడి ఖాతాలోకి పంపి, ఫోను అన్న ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"నా వంతు పడిందన్నా. నీ వంతు ఐదో తేదీ." లేచాడు. "రాయి కొనేది, పెళ్ల కొట్టేది అంతా నేను. ఆఖర్న బొమ్మకు కన్ను తెరిచే పొద్దుటికి అదీ సగం నన్నే చెయ్యమంటాండావ్. కన్ను తెరిచేది నువ్వే తెరువు. అసలు మోస్తానన్న మాట నీదే గదా."

టీ ముట్టలేదు. తండ్రీ కూతుళ్లు ఆళ్లగడ్డ బస్సెక్కారు. కిటికీ పక్కన కూర్చుని ఆయన ఆ పట్టికను మళ్లీ మొదటి నెల నుంచి చదువుతూ వచ్చాడు. పదకొండు వేల రెండు వందల యాభై దగ్గర వేలు ఆగింది.

"ఆ ఏడు నిన్ను ఇంటర్ మాన్పిద్దామనుకున్యా" అన్నాడు.

సంధ్యకు ఆ మాట తెలియదు. తెలిసి ఉంటే స్టాంపు పేపరు చింపి ఉండేది.

ఐదో తేదీ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు నరసింహులు ఫోనుకు మెసేజి వచ్చింది. ఉమ్మడి ఖాతాలో ఆరు వేల ఏడు వందల ఎనభై ఏడు జమ. ఒక మాట లేదు, ఒక ఫోను లేదు. షెడ్డులో ముక్కుకు తువ్వాలు కట్టుకుని రాయి కోసే మిషను తిప్పుతున్న తండ్రికి సంధ్య చూపించింది.

ఆయన మిషను ఆపాడు. "వచ్చే నెల నాది ఎంత?"

"ఆరువేల ఆరు వందల యాభై ఎనిమిది."

"ఆ దుమ్ము లాగేది తెచ్చేటోనికి ఫోన్ చెయ్యి. రేపే తెమ్మను."

సంధ్య నంబరు నొక్కింది. కోపం మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.