సారీ ఈమెయిల్‌కు దక్కిన శ్రద్ధ

కొత్త డెవలపరమ్మాయి కంపెనీ డేటాబేసులో, ఆర్డర్ల టేబుల్లో ఒక కాలమ్ డేటా రకం మార్చే కోడ్ నడిపింది. పరీక్షల డేటాబేసులో రెప్పపాటులో అయిపోయిన పని, అసలు డేటాబేసులో కోట్ల వరుసలు తిరగరాస్తూ టేబుల్‌కు గంటసేపు తాళం వేసేసింది. ఒక్క ఆర్డరూ కదల్లేదు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో ఆమె మేనేజరుకు క్షమాపణ ఈమెయిల్ పంపింది. ఆయన ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, దాన్ని అక్షరం వదలకుండా చదివాడు.

“‘మీరు నా కోడ్ ఓకే చేశాకే నడిపాను’ అన్న ముక్క తీసెయ్యమ్మా. ఇది పైవాళ్లకు వెళ్తుంది.”

“మీరు ఓకే చేశారు కదా సార్?”

“చేశాను. చదివి చేశానా ఏంటి!”

“దేవుడి దయవల్ల ఇప్పుడు కామా కూడా వదల్లేదు సార్. అప్పుడూ ఇలాగే చదివుంటే, ఈ ఈమెయిలే ఉండేది కాదు.”

మేనేజరు ల్యాప్‌టాప్ ఆమెవైపు తిప్పాడు. “ఉంచులే,” అన్నాడు. “‘చదవకుండా’ అని కూడా చేర్చు.”