వైరుధ్యాలు లేవు

మా ఆఫీసులో నా పని అతికించడం. ఊళ్లు తమ గ్రామసభల్లో రాసుకున్న ప్రణాళికలు మండలాల మీదుగా వస్తాయి. మున్సిపాలిటీలవి నేరుగా వస్తాయి. అన్నిటినీ కలిపి జిల్లాకంతటికీ ఒకే ముసాయిదా ప్రణాళిక తయారు చేస్తాం. దాన్ని జిల్లా ప్రణాళికా కమిటీ ముందు పెడతాం. కమిటీ ఒప్పుకుంటే అధ్యక్షుడు ప్రభుత్వానికి పంపుతాడు. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నానని వెనకాల నన్ను బంకక్క అంటారు. నాకు వినపడదని వాళ్ల నమ్మకం.

అతికించడానికి ఒక పద్ధతి ఉంది. తాగునీటి పనులన్నీ ఒక చోట, రోడ్లన్నీ ఒక చోట, పారిశుద్ధ్యమంతా ఒక చోట. ఏ పని ఏ నేల మీదని ఎవరూ చూడరు, ఏ శాఖదో చూసి పేర్చుకుంటూ పోతారు. మూడు వందల పేజీల పుస్తకం చకచకా తయారవుతుంది. దాని వెంట ఫైలులో 'పథకాల మధ్య వైరుధ్యాలు లేవు' అని ఒక ధ్రువపత్రం, దాని కింద నా సంతకం. పదేళ్లు కళ్లు మూసుకుని పెట్టాను. నలభై ఒకటో పేజీలో ఉన్న చెరువూ, రెండు వందల పన్నెండో పేజీలో ఉన్న చెత్తా ఒకదాని మొహం ఒకటి ఎప్పుడు చూసుకున్నాయి గనక?

ఈ ఏడాది పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది, ప్రతి పనినీ మ్యాపు మీద గుర్తించాలని. పుస్తకం అప్పటికే అచ్చయి సభ్యులకు వెళ్లిపోయింది. "గోడకి తగిలించి నాలుగు పిన్నులు గుచ్చమ్మా, ఫొటో తీసి పంపిస్తే వాళ్లూ సంతోషిస్తారు," అన్నాడు మా ప్రణాళికాధికారి. నేను నాలుగు పిన్నులు గుచ్చే రకం కాదు. వారం రోజులు బల్లెక్కి దిగుతూ, మోకాళ్లు పట్టేసేదాకా గుచ్చాను. నీళ్లకు నీలం, పారిశుద్ధ్యానికి ఎరుపు. పట్నానికి ఉత్తరాన ఉన్న ఊళ్లో నూట పధ్నాలుగో సర్వే నంబరు దగ్గర ఎర్రపిన్ను నిటారుగా దిగలేదు. అక్కడ అప్పటికే నీలంపిన్ను ఉంది.

పుస్తకం తిరగేశాను. నలభై ఒకటో పేజీ: నూట పధ్నాలుగో నంబరులోని ఊటచెరువు పూడిక తీసి కట్ట పటిష్ఠం చేయడం, మూడు ఊళ్ల తాగునీటి బావులకు ఊట ఇక్కడిదే. రెండు వందల పన్నెండో పేజీ: అదే ఊరు, అదే నంబరు, ఖాళీ స్థలం, పట్నం చెత్త పోయడానికి. ఆ చెత్త కిందికి దిగితే మూడు ఊళ్ల వాళ్లు ఏం తాగుతారు?

అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన రెండు పేజీలూ చూసి తేలిగ్గా నవ్వాడు. "ఒకే చోటు రెండుసార్లు పడింది, అంతే. పెద్దది ఉంచు, చిన్నది తీసెయ్. చెరువు పని తొలగించామని ఒక సవరణ కాగితం టైపు చెయ్యి, మీటింగు రోజు పంచేద్దాం."

"గ్రామసభ రాసిన పనిని తీసెయ్యడానికి మనమెవరం సార్? ఊరికీ పట్నానికీ ఉమ్మడిగా ఉన్న నీళ్ల సంగతీ నేల సంగతీ తేల్చడానికే కదా కమిటీ ఉంది? వాళ్లని తేల్చనివ్వండి."

"వాళ్లు తేలిస్తే తెల్లారినట్టే. నువ్వు టైపు చెయ్యి."

"చెయ్యను సార్. ధ్రువపత్రం మీద సంతకం కూడా పెట్టను."

"నువ్వు కాకపోతే పక్క సీటులో ఉన్నాయన పెడతాడు."

"పెట్టించుకోండి. ఎందుకు పెట్టనన్నానో ఒక పేజీ నోటు రాసి ఫైల్లో పెడతాను. దానికి నంబరు కూడా వేయించుకుంటాను."

ఆయన మొహం మాడిపోయింది. నాకు మాత్రం ఏళ్ల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకున్నట్టయింది.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. ఆ రెండు వందల పన్నెండో పేజీలోని స్థలాన్ని చూసి, కొలిచి, 'ఖాళీ' అని రాసిన మున్సిపాలిటీ సర్వేయరు మా ఆయనే. సాయంత్రం భోజనాల దగ్గర అడిగేశాను.

"చూపించమన్నారు, చూపించాను," అన్నాడు. "ఎండాకాలంలో వెళ్లాను. అక్కడ ఏముంది? పగుళ్లు, నాలుగు మేకలు."

"వానలు పడ్డాక?"

మా ఆయన మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఊటచెరువంటే అంతే, నాలుగు నెలలు నిండి, భూమిలోకి ఇంకిపోయి, మిగతా రోజులు ఎండిపోయి కనిపిస్తుంది. నేల కొలిచేవాడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. తారీఖు ముంచుకొస్తోంది, కమిషనరు ఫోన్ల మీద ఫోన్లు, ఎవరినీ అడక్కుండా రాసేశాడు.

"ఇప్పుడు తప్పంటే నా తల తీసి గుమ్మానికి కడతారు. నువ్వు ఊరుకో, నీకు పుణ్యముంటుంది."

"మీ సంతకం మీరు చూసుకోండి. నా సంతకం నేను చూసుకుంటాను," అన్నాను. ఆ తర్వాత నాలుగు రోజులు 'ఉప్పు', 'తలుపు' తప్ప మా మధ్య వేరే మాటల్లేవు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని అత్తగారు ఫోన్లో కొడుకుని ఓదార్చింది. ఉండనీ, ముక్కు నాదే కదా.

ఆ ఊళ్ల నుంచి గెలిచిన జిల్లా పరిషత్ సభ్యురాలు ఒకావిడ ఉంది. మైకు పెద్దమ్మ అంటారు, మైకు అవసరం లేని గొంతు కాబట్టి. కమిటీకి కూడా ఎన్నికైంది. మీటింగుకి రెండు రోజుల ముందు భత్యం కాగితం కోసం ఆఫీసుకొచ్చి నా కుర్చీ పక్కన కూలబడింది.

"ఏమ్మాయ్, ఈ ఇటుకరాయంత పుస్తకం పంపారు, మేం చదవాలనా, తలకింద పెట్టుకోవాలనా?"

"అంతా వద్దు పెద్దమ్మా. నలభై ఒకటో పేజీ, రెండు వందల పన్నెండో పేజీ చదవండి. పక్కపక్కన పెట్టుకుని చదవండి."

ఆమె అక్కడే చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. గోడ మీది మ్యాపు దగ్గరికెళ్లి ఆ రెండు పిన్నులూ చూసింది. రెండు పేజీల మూలలూ మడిచి, పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లింది.

మీటింగు పదిన్నరకు. పొడుగాటి బల్ల, గ్లాసులు, చప్పుడు చేసే ఏసీ. కమిటీలో ముప్పై మంది. ఐదింట నాలుగు వంతులు ఎన్నికైనవాళ్లే, ఊళ్ల జనాభా పట్నాల జనాభా లెక్కన పధ్నాలుగు మంది అటు, పది మంది ఇటు. మిగతా ఆరుగురు పైనుంచి నియమితులు. ఆ రోజు ఇరవై ఆరు మంది వచ్చారు. గోడ వారగా సిబ్బంది కుర్చీలు. ఒక మూల నేను, ఇంకో మూల కమిషనరు పక్కన మా ఆయన.

సవరణ కాగితం ఇంకెవరి చేతనో టైపు చేయించి పంచారు. అధ్యక్షుడు ముసాయిదా ఆమోదానికి పెట్టగానే పెద్దమ్మ లేచింది. ఎవరో మైకు జరిపారు.

"వద్దు బాబూ, అది పాడైపోతుంది. అధ్యక్షా, మా చెరువు పనిని తీసేసినట్టు ఈ కాగితం ఎవరు రాశారు? మా గ్రామసభ రాయలేదు. మనం రాయలేదు. మీరు రాశారా?"

అధ్యక్షుడు మా అధికారి వైపు చూశాడు. అధికారి గొంతు సవరించుకున్నాడు. "సాంకేతిక సవరణ మాత్రమేనండి. ఒకే స్థలం రెండుసార్లు..."

"ఆఫీసు గోడ మీద మ్యాపు ఉంది. తెప్పించండి."

"అది అజెండాలో లేదండి."

"మా నీళ్లు అజెండాలో ఉన్నాయిగా? తెప్పించండి."

అధ్యక్షుడికి వేరే దారి లేకపోయింది. నేనే వెళ్లి దించి తెచ్చాను. నీలంపిన్నుకు ఆనుకుని వంకరగా నిలబడిన ఎర్రపిన్ను అందరికీ కనిపించింది.

పట్నం సభ్యుడొకడు ఒంటికాలి మీద లేచాడు. "మూడు లక్షల మంది చెత్త ఎక్కడ పోయాలి? మీ మూడు ఊళ్లూ కలిపితే ఆరు వేలు లేరు!"

"ఎంతమంది ఉంటే మంచినీళ్లు తాగొచ్చో చెప్పు నాయనా, అంతమందిని కంటాం."

నవ్వులు లేచాయి. అతనికి ఒళ్లు మండింది. "రేపో మాపో మా పట్నం, చుట్టుపక్కలవీ కలిపి పది లక్షలు దాటుతాయి. మహానగర ప్రణాళికా కమిటీ వస్తుంది. అప్పుడు మిమ్మల్ని అడగాల్సిన ఖర్మ ఉండదు."

"రానీ. దాన్లోనూ మూడింట రెండు వంతులు ఎన్నికైనవాళ్లే ఉండాలి. కౌన్సిలర్లతో పాటు చుట్టుపక్కల పంచాయతీల ప్రెసిడెంట్లకీ అందులో చోటుంది. ఎక్కడికెళ్లినా మేం ఎదురు కూర్చుంటాం."

"అసలు అది చెరువే కాదండీ," కమిషనరు అందుకున్నాడు. "ఖాళీ స్థలమని మా సర్వే ఉంది."

అధ్యక్షుడు కళ్లజోడు పైనుంచి చూశాడు. "సర్వే చేసిందెవరు?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా గుండీ ఒకటి పెట్టుకోవడం మరిచిపోయాడు. నిజం చెప్తే ఉద్యోగం ఇరుకున పడుతుంది, అబద్ధం చెప్తే మూడు ఊళ్ల బావులు పోతాయి. ఆయన ఏది చెప్పినా ఆ రాత్రి ఒకే ఇంట్లో ఉండాలి మేం. కమిషనరు ఆయన మోచేతి మీద చెయ్యి వేశాడు.

"నేనేనండి," అన్నాడు. "ఎండాకాలంలో చూశాను. ఎండిపోయి ఉంటే ఖాళీ అని రాశాను. ఊళ్లో ఎవరినీ అడగలేదు. కట్ట ఉంది, తూము ఉంది, చూసి కూడా రాయలేదు. అది చెరువేనండి. తప్పు నాది."

నాలుగు రోజులుగా నేను పళ్లు నూరుతున్న మనిషి మీద నాకు ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. అది అక్కడ చూపించుకునే చోటు కాదు కాబట్టి మ్యాపు అంచు గట్టిగా పట్టుకున్నాను.

అధ్యక్షుడు చేతులెత్తమన్నాడు. చెరువు పని ప్రణాళికలో ఉండాలని పదహారు మంది ఎత్తారు. వాళ్లలో పట్నం సభ్యులు ముగ్గురున్నారు. చెత్త స్థలం పని మున్సిపాలిటీకి తిరిగి వెళ్లింది, చెరువుకు నీళ్లొచ్చే దారులకు దూరంగా వేరే చోటు చూసి నెలలోపు తెమ్మని. నేను పక్క సీటాయన సంతకంతో ఉన్న పాత ధ్రువపత్రం పక్కన పడేసి కొత్తది చేత్తోనే రాశాను: వైరుధ్యం ఒకటి ఉంది, కమిటీ తేల్చింది. సంతకం పెట్టి అధికారి ముందుంచాను. ఆయన నావైపు చూడకుండా ముద్ర వేశాడు.

సాయంత్రం మా ఆయన చేతిలో మెమోతో ఇంటికొచ్చాడు. పై అధికారి అనుమతి లేకుండా సమావేశంలో శాఖకు వ్యతిరేకంగా ఎందుకు మాట్లాడావో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

తెల్లకాగితం తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. "చెప్పండి, నేను రాస్తాను. కాగితాలు రాయడం నాకు అలవాటే."

"వద్దులే, నేనే రాస్తా," అని పెన్ను లాక్కున్నాడు. రెండు వాక్యాలు రాసి నావైపు తిప్పాడు.

'అధ్యక్షుడు అడిగారు, జవాబు చెప్పాను. మళ్లీ అడిగినా ఇదే చెప్తాను.'

కింద క్షమాపణ మాట లేదు. నేనూ గుర్తు చేయలేదు.