చెత్తనుకున్న చిన్న వీడియోలు

అక్కకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ పొద్దున తమ్ముడు ఆమె ఫొటో స్టూడియోకొచ్చి, రాత్రి తీసుకెళ్లిన ఆమె ఫోన్ తిరిగిచ్చి, "ఫోన్ నిండిపోయిందని గోలపెట్టావుగా, మొత్తం ఖాళీ చేసేశా," అనగానే గొంతు బాగా తగ్గిపోయింది.

"ఏం చేశావు?"

"ఫొటోలన్నీ లాప్‌టాప్‌లోకి తీశా. ఈ ఫోన్ తీసేవి హెయిక్ అనే రకం ఫైళ్లట, నా పాతదాంట్లో తెరుచుకోలేదు. అన్నిటినీ మామూలు జేపెగ్‌లుగా మార్చి, పాతవి తీసేశా. వాటి పక్కనే అవే పేర్లతో బోలెడు బుల్లి వీడియోలు పడ్డాయి. అవీ చెత్తేనని పారేశా."

"చెత్త కాదురా. అవి నాన్న గొంతు."

గొంతు ఆపరేషన్లో నాన్నకి మాట పోయింది. దానికి ముందురోజు ఆమె తన ఫోన్లో లైవ్ ఫొటోలు తీసింది. నొక్కడానికి కాస్త ముందు, కాస్త తర్వాత జరిగింది కూడా శబ్దంతో సహా పట్టుకుంటాయవి. వీడియో అంటే నాన్న బిగుసుకుపోతాడని అలా తీసింది.

"క్లౌడ్‌లో ఉంటాయిలే అక్కా."

"ఫోన్‌కీ దానికీ ముడి ఉంది. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతాయి. కొన్నాళ్లు డిలీట్ చేసినవాటిలో ఉంటాయంతే."

"అదీ ఖాళీ చేశా."

"లాప్‌టాప్ చెత్తబుట్టలో?"

"అక్కడ కూడా."

ఆమె పళ్లు కొరుకుతూ కుటుంబం గ్రూపు తెరిచింది. ఫొటోలున్నాయి, కదలవు. పంపేటప్పుడే ఆ యాప్ వీడియోని వదిలేసి ఉత్త బొమ్మని చేరవేసింది. తన పెద్ద కెమెరాతో తీసిన రా ఫైళ్లు, అంటే కుదించని అసలు ఫొటోలు, స్టూడియో డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి. వాటిలో నాన్న ముఖం మీది ప్రతి ముడతా ఉంది, మాట లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఒకటి మాత్రం అత్తకి, పక్కన కూర్చునే, ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా పంపింది. ఆవిడదీ అదే కంపెనీ ఫోన్, వీడియో కూడా వెళ్లుంటుంది. వెంటనే ఆవిడకి ఫోన్ చేసింది.

"అత్తా, నాన్న ఫొటో తీసేయకు. ఎవరికీ పంపకు కూడా. వస్తున్నా."

"ఏం కొంప మునిగిందే?" అంటూనే తలుపు తీసింది అత్త. అక్క ఆవిడ ఫోన్లో ఆ ఫొటో మీద వేలు నొక్కిపట్టింది. నాన్న పెదవులు కదిలాయి. "చాల్లేవే, టీ చల్లారిపోతోంది." అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అక్క ఏడవలేదు. దాన్ని తన ఫోన్లోకి నేరుగా తెచ్చుకుని, బొమ్మనీ వీడియోనీ రెంటినీ స్టూడియో డిస్క్‌లోకి ఎక్కించింది.

"దొరికిందిగా అక్కా, ఇంకా కోపమేనా?" అన్నాడు వెంటే వచ్చిన తమ్ముడు.

"ఒక్కటే దొరికింది. మిగతావాటిలో ఏమన్నాడో నాకే గుర్తులేదు."

సాయంత్రం ఇంట్లో నాన్న తన గొంతు తనే విన్నాడు. మళ్లీ నొక్కాడు, మళ్లీ. చప్పుడు లేకుండా నవ్వి, మిగతావి ఏవని చేత్తో అడిగాడు.

తమ్ముడు అక్క వైపు చూశాడు.

"నన్ను చూస్తావేం?" అందామె, ఎప్పటికంటే తక్కువ గొంతుతో. "నువ్వే చెప్పు."