కోడుమూరు లైనులో ఆగిన పిలుపు

బసవరాజు తెల్లవారగానే వేపపుల్ల నోట్లో పెట్టుకుని, వెనక గదిలోంచి ఎక్స్ఛేంజి హాల్లోకి వచ్చేవాడు. హోదాకు అతను టెలిఫోన్ల సూపర్‌వైజరే అయినా కర్నూలు మొత్తం ఇంజినీరనే పిలిచేది. ఏ వేళ ఏ లైను తెగినా లేపాల్సింది అతన్నే. అందుకే కాపురం ఎక్స్ఛేంజి వెనకే పెట్టాడు. కాపురమంటే ఒక మంచం, ఒక కూజా, ఒక పెట్టె.

రాత్రి ఆపరేటరు లేవి ఆ వేళకు పాత పిలుపులు తీరుస్తూ ఉండేవాడు. బోర్డు మీద ఒక్కో లైనుకు ఒక్కో ఇత్తడి మూత ఉంటుంది. అవతలి ఊళ్ళో ఎవరైనా ఫోను పిడి తిప్పితే కరెంటు వచ్చి మూత వెనకున్న చుట్టలోకి చేరుతుంది. చుట్ట అయస్కాంతమై ఇనుప రేకును లాగుతుంది, రేకు కదిలితే కొక్కెం లేస్తుంది, పట్టు తప్పి మూత తన బరువుకు తానే పడుతుంది. పడిన మూతను ఆపరేటరు వేలితో ఎత్తేదాకా అది అలాగే వేలాడుతుంది. మూత కింద పడి ఉందంటే ఎవరో కాచుకుని ఉన్నారని అర్థం.

పాత పిలుపులంటే ఏమిటో ఆ సీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అక్కడి ఎండకు రాగితీగలు సాగి స్తంభాల మధ్య వేలాడేవి, వేలాడినచోట కొన్ని మాటలు నిలిచిపోయేవి. తెల్లవారుజామున చల్లబడి తీగలు బిగుసుకుంటే, నిలిచిన మాటలు జారి కర్నూలుకు చేరేవి. మొన్నెప్పుడో కిరసనాయిలు అడిగిన షావుకారు మళ్ళీ అడిగేవాడు. లేవి ఓపిగ్గా విని, "అందిందిలేప్పా" అని మూత ఎత్తేవాడు. అంతటితో ఆ మాటకు విముక్తి.

అది రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్ళిపోయిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం. ఊళ్ళో డేరాలు పీకేశారు. డేరాల్లో నడిచిన ఆఫీసుల కోసం తెచ్చిన రెండో బోర్డుకు పనిలేకుండా పోయింది. ఆ పొద్దు దాన్ని లారీలో హైదరాబాదుకు ఎక్కించాలి. దానితో పాటు బసవరాజుకూ బదిలీ అయింది.

డేరాల కాలం తలుచుకుంటే అతనికి గుండె బరువయ్యేది. అప్పుడు గంగక్క అనే ఆమె గుమాస్తాలకు మెస్సు నడిపేది. ఆమె కూతురు ఉరుకుందమ్మ పొద్దున్నే ఎక్స్ఛేంజికి క్యారియరు తెచ్చి, "ఏమప్పా ఇంజినీరూ, రాత్రంతా ఎవురెవురి గుట్టు ఇన్నావు?" అని ఆట పట్టించేది. అతను నవ్వి ఊరుకునేవాడు. ఊళ్ళ మధ్య మాటలు నడిపించేవాడికి తన నోట్లో మాట నడవలేదు. రాజధాని పోయింది, మెస్సు మూతపడింది, వాళ్ళు సొంతూరు కోడుమూరులో ఉరుకుందమ్మ నాయన దగ్గరికి వెళ్ళిపోయారు. మాఘమాసంలో ఆమెను ఆదోని పత్తి వ్యాపారి కొడుక్కి ఇచ్చారు. బసవరాజు లేవిని వెంటబెట్టుకుని ఆదోనిలో ఆ పెండ్లికి వెళ్ళాడు, ఓళిగలు తిన్నాడు, బస్సెక్కి వచ్చాడు. ఆ తర్వాత చాలా రోజులు అతనికి అన్నం సహించలేదు.

ఆ పొద్దు అతను హాల్లోకి వచ్చేసరికి, ఖాళీ చేసిన ఆ రెండో బోర్డు మీద ఒక్క మూత పడి ఉంది. కింద 'కోడుమూరు' అని రాసి ఉంది.

"ఇదేంది లేవీ? కోడుమూరు లైను పక్క బోర్డుకు మార్చి నెలయింది గదా."

"అదేమో సార్, అట్లనే పడుండాది."

బసవరాజు మూత ఎత్తాడు. పడింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పడింది. పుల్ల ఉమ్మేసి పనిముట్ల సంచి విప్పాడు.

ముందు బయటి తీగలు వచ్చి చేరే చట్రం దగ్గరికి వెళ్ళి చూశాడు. కోడుమూరు తీగలకూ ఈ బోర్డుకూ మధ్య లంకె లేదు, తనే తీశాడు. పక్క లైను కరెంటు ఇటు కారుతోందేమోనని, ఆ కారుడు కొలిచే మెగ్గరు తెచ్చి పిడి తిప్పాడు. ముల్లు కదలకుండా చివర నిలబడింది, ఎక్కడా కారడం లేదు. కొక్కెం పట్టు వదులైందేమోనని మర బిగించాడు. మూత పడింది. చివరికి టంకం పెట్టే కాపుకర్ర కాల్చి, చుట్టకు వచ్చే రెండు తీగల అతుకులూ కరిగించి విడదీశాడు. ఇక దాన్ని లాగే కరెంటు లోకంలో లేదు. మూత ఎత్తాడు. పడింది.

"పీకి పారేస్తా దీన్ని. బోర్డు జబ్బు," అన్నాడు.

"జబ్బు కాదు సార్, పీపీ కాలు," అన్నాడు లేవి. "నేను ఇందాకనే ఇన్యా. అందిందంటే ఒప్పుకోల్యా. మనిషే కావాలంటాండారు."

పీపీ కాలంటే ఫలానా మనిషికే చేసే ఫోను. ఆ మనిషి వచ్చి పలికేదాకా వేరెవరు పలికినా ఆ పని తీరినట్టు కాదు.

"ఎవురు కావాలంట?"

"మీరే సార్."

"మరి ఇంతసేపు చెప్పవేమప్పా?"

"మీరు మెగ్గరు పట్టుకుంటే ఒకరి మాట ఇంటారా సార్?"

వాకిట్లో లారీ హారను మోగింది. బసవరాజు ఆపరేటరు స్టూలు మీద కూర్చుని, తీగ కొనను కోడుమూరు రంధ్రంలో గుచ్చి, మాట్లాడే మీట వంచాడు.

"బసవరాజును."

"ఏమప్పా, యాడికి పోయినావు? పొద్దు తిరిగినప్పట్నుంచి పోస్టాఫీసులో నిలబడుండా," అంది ఉరుకుందమ్మ.

"నందికొట్కూరు దావలో స్తంభం పడితే పోయినా." ఆ స్తంభం పడింది మార్గశిరంలో. పెండ్లికి ముందు. ఆమె పిలుపు అప్పుడే తీగలో నిలిచిపోయినట్టుంది.

"రేపు ఆదోనోళ్ళు తాంబూలాలకు వస్తాండారు. నీకేమన్నా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పు. లేకుంటే లేదని చెప్పు, నేనేమీ ఏడ్చను."

లారీ మనుషులు మోకులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. అందింది అని మూత ఎత్తేస్తే సరిపోతుంది. జరిగిపోయిన పెండ్లికి ఇప్పుడు చెప్పేదేముంది? కానీ అటు ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"తాంబూలాలు వద్దను ఉరుకుందా," అన్నాడు. "నాకు నువ్వు కావల్ల. మొదట్నుంచీ కావల్ల. నేనొస్తాండా."

"ఎప్పుడొస్తావు?"

"కొంచెం ఆలస్యమైతాది."

"అది నాకు తెల్వదా? నోరు తెరిచేదానికే నీకు ఇన్నేండ్లు పట్టె. సరే, చెప్తాలే మా నాయనకు."

ఆమె పిడి తిప్పింది. మాట ముగిసిందని చెప్పే చిన్న మూత బసవరాజు ముందు టక్కున పడింది. అతను తీగ లాగి, రెండు మూతలూ ఎత్తాడు. రెండూ నిలిచాయి.

బోర్డును లారీలోకి ఎత్తుతుంటే అతను మెల్లగా అడిగాడు. "లేవీ, ఆదోని పెండ్లిలో ఓళిగలు బాగుండె గదా?"

"ఏం పెండ్లి సార్? మనం ఆదోనికి యాపొద్దు పోయినాం?"

బసవరాజు లారీ ఎక్కలేదు. కోడుమూరు బస్సెక్కాడు.

ఉరుకుందమ్మ ఇంటి ముందు కొర్రలు చెరుగుతోంది. అతన్ని చూసి చేట ఆపలేదు.

"కొంచెం ఆలస్యమంటే ఎండాకాలం దాకానా? ఆదోనోళ్ళు వేరే పిల్లను చేసుకున్యారు. నీ పేరెత్తితే మా నాయన మండిపడతాండాడు. లోపల కూర్చోనుండాడు. పోయి నువ్వే అడుగు."

"నువ్వు ముందొకసారి మీ నాయనకు చెప్పకూడదా?"

"నేను చెప్పేది పోస్టాఫీసులోనే చెప్పేసినా."

బసవరాజు చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. ఆయన తలెత్తేలోపే పిల్లనిమ్మని అడిగేశాడు.