వెనక్కి తిరిగే చోటు

మాస్టారి మరదలు జాతీయ రికార్డు కంటే ఒక నిమిషం ముందుగా మారథాన్ పూర్తి చేసిన రోజున ఇంట్లో ఎవరికీ కాలు నేల మీద నిలవలేదు. ఆవిణ్ణి ఇంట్లో అందరూ చిన్నది అనే పిలుస్తారు. ముప్పై అయిదేళ్లు వచ్చినా, ఆసుపత్రిలో సీనియర్ నర్సు అయినా ఆ పేరు పోలేదు. తెల్లవారకముందే లేచి పరుగెత్తి, స్నానం చేసి, ఎనిమిదింటికల్లా వార్డులో ఉండే మనిషి. అలా పన్నెండేళ్లు పరుగెత్తింది.

మాస్టారు స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఊళ్లో జరిగే మారథాన్‌కి దారి వేసే బాధ్యత ఆయనదే. సొంత మరదలు, సొంత దారి మీద రికార్డు కొట్టింది. ఎవరైనా వేలెత్తి చూపించొచ్చని ఆయన ముందే అనుకున్నాడు. అందుకే దారిని మళ్లీ కొలవడానికి అథ్లెటిక్స్ సమాఖ్య మనిషిని పంపుతోందని తెలిసినప్పుడు కంగారు పడలేదు సరికదా, సంతోషించాడు.

రికార్డు వస్తే మళ్లీ కొలవడం మామూలే. మొదట కొలిచినవాళ్లు కాకుండా వేరొకరు వచ్చి కొలుస్తారు. ఆ వచ్చినావిడ రిటైరైన సర్వే ఇంజనీరు. జుట్టంతా నెరిసింది, పిక్కలు మాత్రం పాతికేళ్ల పిల్లవి. తన సైకిల్‌ని తనే వెంట తెచ్చుకుంది. ముందు చక్రం ఇరుసు దగ్గర చిన్న లెక్కపెట్టే యంత్రం, చక్రం తిరిగినకొద్దీ అంకెలు పెరుగుతూ పోయేది.

ఆదివారం తెల్లవారుతుండగా, వాహనాలు పెద్దగా లేనప్పుడు పని మొదలైంది. ముందుగా స్టీలు టేపుతో కొలిచి పెట్టిన తిన్నని రోడ్డు ముక్క మీద ఆవిడ నాలుగుసార్లు సైకిల్ తొక్కింది. చక్రం ఎన్ని అంకెలు తిరిగితే ఒక కిలోమీటరో అక్కడ తేల్చుకుంది.

"ఎండెక్కాక టైర్లో గాలి ఉబ్బుతుంది. అందుకని పని అయ్యాక మళ్లీ ఇక్కడికే వచ్చి నాలుగుసార్లు తొక్కాలి," అంది మాస్టారితో. "లేకపోతే సైకిలే మనకి అబద్ధం చెబుతుంది."

ముందు పోలీసు మోటార్‌సైకిల్, వెనక మాస్టారి కారు, మధ్యలో ఆవిడ. వంపు వచ్చిన ప్రతిచోటా రోడ్డు అంచుకి జానెడున్నర దూరంలో తొక్కింది. పరుగెత్తేవాడు వెళ్లగలిగిన అతి దగ్గరి దారి అదే కాబట్టి, కొలవాల్సిందీ అదే. కారులో మాస్టారి పక్కన ఆయన భార్య, చిన్నదానికి సొంత అక్క, కూర్చుంది. టీ ఫ్లాస్కు, బిస్కెట్లు ఆవిడ ఒళ్లో ఉన్నాయి. చెల్లెలి రికార్డుకి రాజముద్ర పడే వేళ ఇంట్లో కూర్చోలేనంటూ వెంట వచ్చింది. రేసు రోజున వాలంటీర్లకి పెద్దదిక్కు కూడా ఆవిడే.

సగం దారి దాటాక పెట్రోలు బంకు ముందు పొడవాటి రోడ్డు. పరుగెత్తేవాళ్లు దాని చివరిదాకా వెళ్లి, రేసు కోసం పెట్టిన ఒక దిమ్మె చుట్టూ తిరిగి, వెనక్కి రావాలి. కొలతలావిడ సైకిల్ దిగి, చేతిలోని నక్షా చూసి, పక్కనున్న దీపస్తంభం చూసింది.

"రేసు రోజున దిమ్మె ఈ స్తంభం దగ్గరే పెట్టారు కదా?"

"ఇక్కడేనండీ," అన్నాడు మాస్టారు. "రోడ్డు మీద మేకు కూడా కొట్టి ఉంది, చూడండి."

అక్క కారు దిగి అప్పుడే ఫ్లాస్కు మూత తిప్పుతోంది. తల ఎత్తకుండానే అంది, "ఇక్కడ కాదండీ. ఆ రోజు ఇక్కడ పైపు పగిలి నీళ్లు నిలిచాయి. ఎవరైనా జారి పడతారని నేనే దిమ్మెని దీనికి ఇవతలి స్తంభానికి జరిపించాను. మా చిన్నది అసలే మలుపు దగ్గర వేగం తగ్గించదు."

అక్క కప్పు పట్టుకుని తలెత్తేసరికి మాస్టారి మొహం పాలిపోయి ఉంది.

"ఏమైందండీ? తప్పు చేశానా?"

"ఏం లేదులే. టీ పొయ్యి," అన్నాడాయన.

కొలతలావిడ రెండు స్తంభాల మధ్య టేపు పరిచింది. ఇరవై ఏడు మీటర్లు. వెళ్లేటప్పుడు ఇరవై ఏడు తగ్గింది, వచ్చేటప్పుడు మరో ఇరవై ఏడు. రేసు రోజు తీసిన వీడియోలో కూడా దిమ్మె ఇవతలి స్తంభం దగ్గరే ఉన్నట్టు తేలింది. వీడియో చూడకముందే మాస్టారికి ఆ సంగతి తెలుసు. భార్య అబద్ధమాడే మనిషి కాదు.

అయినా ఆయనకి ఇంకా కాస్త ఆశ ఉంది. ఏ దారినైనా వేసేటప్పుడు కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున కావాలనే ఎక్కువ వేస్తారు. ఎంత జాగ్రత్తగా కొలిచినా చిన్న పొరపాట్లు దొర్లుతాయి కాబట్టి, దారి కురచ కాకుండా ఆ నలభై రెండు మీటర్లు కాపు కాస్తాయి. మధ్యాహ్నం స్కూలు స్టాఫ్‌రూములో ఫ్యాను కింద కూర్చుని కొలతలావిడ లెక్క కట్టింది. మాస్టారు కిటికీలోంచి ఆటస్థలం చూస్తూ నిలబడ్డాడు.

"మీరు దారి బాగా వేశారు మాస్టారూ. ఎక్కువగా వేసిందాంట్లో నలభై మీటర్లు ఇంకా పదిలంగా ఉంది," అంది ఆవిడ. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పోయింది యాభై నాలుగు. ఆ రోజు వాళ్లు పరుగెత్తిన దారి పధ్నాలుగు మీటర్లు కురచ."

ఆ సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా వచ్చింది చిన్నది. యూనిఫాం కూడా మార్చుకోలేదు. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. మాస్టారు ఏదీ దాచకుండా చెప్పాడు.

"పధ్నాలుగు మీటర్లంటే నాకు మూడు సెకన్లు బావా," అంది చిన్నది. గొంతు పెంచలేదు. "నేను రికార్డు దాటింది ఒక నిమిషం తేడాతో. ఆ మూడూ కలపమను. నాలుగు కలపమను, పది కలపమను. అయినా నాదే కదా?"

"నీదే. నాకూ తెలుసు."

"మరి?"

మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆ కొండ మీంచి సముద్రందాకా జరిగే రేసులో నువ్వు ఇంతకన్నా రెండు నిమిషాలు ముందే వచ్చావు. దాన్ని రికార్డని నువ్వు ఎప్పుడైనా అన్నావా?"

"అదెలా అంటాను? దారంతా పల్లమే. పైగా గాలి వెనకనుంచి తోసింది."

"ఎంత పల్లమో చూసి అంత కలిపేస్తే సరిపోతుందిగా?"

చిన్నది తల అడ్డంగా ఊపింది.

"ఎంత కలపాలో ఎవరికి తెలుసే? గాలికెంత, ఎండకెంత, ఎగుడుకెంత, మలుపులకెంత? ఒకసారి కలపడం మొదలుపెడితే ఇక అంతూ పొంతూ ఉండదు. ఏ రెండు ఊళ్ల దారులూ ఒకటి కావు. ఎండలో పరుగెత్తినవాళ్లకీ చలిలో పరుగెత్తినవాళ్లకీ పోటీ పెడుతూనే ఉన్నాం, అది న్యాయమని ఎవరూ అనరు. అందుకే అందరికీ కొన్ని కనీసపు గీతలు గీశారు. మొదలు నుంచి చివరకి మొత్తం మీద నలభై రెండు మీటర్లకి మించి దిగకూడదు. మొదలూ చివరా తిన్నగా చూస్తే రేసు దూరంలో సగానికి మించి ఎడంగా ఉండకూడదు, గాలి దారంతా ఒకవైపే తోయకుండా. దూరం కురచ కాకూడదు. మిగతావన్నీ మన చేతిలో లేవు. ఇవి మాత్రం మన చేతిలో ఉన్నవి. వాటినీ వదిలేస్తే ఇక రికార్డనే మాటకి అర్థం ఏముంది?"

చిన్నది లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదక్కా?"

లోపలి నుంచి అక్క అంది, "ఆవిడ అడిగింది... నేను చెప్పాను. దానివల్ల రికార్డు పోతుందని తెలియదు నాకు."

"తెలిసుంటే చెప్పేదానివి కాదా?"

అక్క పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది. "చెప్పేదాన్నేనే," అంది. ఆ మాటతో చిన్నది విసురుగా తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

నెల రోజులు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానంది. అక్క అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండేది. వచ్చే ఏడాది వాలంటీరు పని నాకొద్దని మాస్టారితో ఖరాఖండిగా చెప్పేసింది. ఆయన బతిమాలలేదు. భార్య చేసింది మంచి ఉద్దేశంతోనేనని ఊరంతా అన్నా ఆవిడ గుండె బరువు దిగదని ఆయనకి తెలుసు. ఆ మలుపు దగ్గర దిమ్మెని ఎందుకు కదపకూడదో తానే ముందుగా చెప్పి ఉండాల్సింది. ఆ మాట ఒకసారి ఆవిడతో అన్నాడు. "మీరేం చేస్తారు," అని ఆవిడ తప్పించుకుంది.

ఒకరోజు పొద్దున్నే చిన్నది వచ్చింది. చెమటతో తడిసి ఉంది, అప్పుడే పరుగు ముగించినట్టుంది. ఏమీ జరగనట్టు వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు ముంచుకుని తాగింది.

"మళ్లీ పరుగెడుతున్నాను బావా. మన ఊరి రేసే."

"కొండ రేసువాళ్లు పిలిచారటగా? అక్కడైతే డబ్బులిస్తారు, పేపర్లో ఫోటో పడుతుంది."

"అక్కడ ఎంత వేగంగా పరుగెత్తినా నాకే నమ్మకం కుదరదు." అక్క వైపు తిరిగింది. "ఆ మలుపు దగ్గర నువ్వే ఉండాలి. ఇంకెవరూ వద్దు."

"నేనా? ఇంకా నన్ను నమ్ముతావా?"

"చచ్చినా దిమ్మె జరపని మనిషి ఈ ఊళ్లో ఇప్పుడు ఎవరైనా ఉంటే అది నువ్వేనే. పిచ్చిదానా, ఏడవకు."

అక్క ఏడ్చింది, నవ్వింది, ఆ తర్వాత దోసెలు పోసింది.

మరుసటి ఏడాది రేసు రోజున వాతావరణం చల్లగానే ఉంది కానీ గాలి ఎక్కువగా వీచింది. దారి మొదలైన చోటికే తిరిగి వచ్చేది కాబట్టి సగం దూరం సాయం చేసిన గాలి మిగతా సగం ఎదురు నిలబడింది. మాస్టారు ముందు వెళ్లే కారులో కూర్చుని వెనక్కి చూస్తూనే ఉన్నాడు. పెట్రోలు బంకు మలుపు దగ్గర ఆయన భార్య దిమ్మె పక్కన రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, ఎవరో దాన్ని ఎత్తుకుపోతారన్నట్టు నిలబడింది. చిన్నది ఆ దిమ్మె చుట్టూ తిరిగేటప్పుడు అక్క అరిచింది. ఏం అరిచిందో గాలిలో ఎవరికీ వినపడలేదు.

చివరి అయిదు కిలోమీటర్లూ ఎదురుగాలే. చిన్నది తల వంచుకుని, భుజాలు బిగబట్టి, ఒక్కో అడుగూ కొనుక్కున్నట్టు పరుగెత్తింది. కిందటేడు కంటే దాదాపు నిమిషం వెనకబడింది. పాత రికార్డుకి మాత్రం తొమ్మిది సెకన్లు ముందుగా గీత దాటి అక్కడే కూలబడింది. నిషేధిత మందుల పరీక్షవాళ్లు వచ్చి, లేచేదాకా పక్కనే కాచుకున్నారు.

కొలతలావిడ మళ్లీ వచ్చింది. మళ్లీ స్టీలు టేపు, మళ్లీ నాలుగుసార్లు, మళ్లీ తెల్లవారుజాము. ఈసారి అక్క కారులోంచి దిగలేదు. బంకు దగ్గర కొలతలావిడ ఏమీ అడగకుండానే సైకిల్ తిప్పుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి లెక్క తేలింది. దారి చాలినంత ఉంది, ముప్పై తొమ్మిది మీటర్లు మిగిలింది కూడా.

మాస్టారు ఆసుపత్రికి ఫోన్ చేశాడు. వార్డులోంచి చిన్నదాన్ని పిలిచారు.

"నిలబడిందే," అన్నాడు.

అవతల ఎవరో రోగి నర్సమ్మా అని పిలవడం వినిపించింది.

"రికార్డు దాటిన నా మూడు పరుగుల్లో ఇదే అన్నిటికన్నా నెమ్మదైనది, తెలుసా బావా?" అంది చిన్నది.

"తెలుసు."

"సరే, సెలైన్ మార్చాలి. అక్కకి నువ్వే చెప్పు. కాదు, ఆగు. నేను చెబుతాను, ఫోన్ దానికివ్వు."